ముందు వెతుకు, తర్వాత చెప్పు: ఆర్‌ఏజీ లోపల ఏం జరుగుతుంది?

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మాట ఆర్‌ఏజీ, అంటే రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్. మన అతిథి కంపెనీల పత్రాల మీద ఇలాంటి సిస్టమ్‌లు కడుతుంటారు. ముందు ఆ పేరు సంగతి చెప్పండి.

అతిథి: రిట్రీవల్ అంటే వెతికి తేవడం, జనరేషన్ అంటే జవాబు రాయడం. మామూలుగా చాట్‌బాట్‌ల వెనకుండి జవాబులు రాసే లాంగ్వేజ్ మోడల్ తన శిక్షణలో ఒంటబట్టిన దాంతోనే రాస్తుంది. ఇక్కడ మాత్రం మీ ప్రశ్నకు సంబంధించిన పేరాలను ముందు వెతికి తెచ్చి, ప్రశ్నతో పాటు మోడల్ ముందు పెడతాం. వాటిని చూసి రాయమంటాం.

హోస్ట్: అంటే పుస్తకం తెరిచి పెట్టుకుని పరీక్ష రాసినట్టు.

అతిథి: అంతే. కాకపోతే ఏ పేజీ తెరవాలో మోడల్ కాదు, వెతికే భాగం నిర్ణయిస్తుంది. తప్పు పేజీ తెరిస్తే రాసేవాడు ఎంత తెలివైనవాడైనా లాభం లేదు.

హోస్ట్: దీనివల్ల మోడల్‌కు కొత్తగా వచ్చేదేంటి?

అతిథి: శిక్షణ మళ్లీ ఇవ్వకుండానే దాని సమాచారాన్ని మార్చవచ్చు. ఆర్‌ఏజీ పేరుతో వచ్చిన 2020 పరిశోధనా పత్రంలో చక్కని ప్రయోగం ఉంది. ఫేస్‌బుక్ ఏఐ రీసెర్చ్ వాళ్లు, మరికొందరు కలిసి రాశారు. వికీపీడియాను వంద పదాల ముక్కలుగా కోస్తే 2.1 కోట్ల ముక్కలయ్యాయి. తర్వాత, 2016 నుంచి 2018 లోపు మారిన 82 మంది దేశాధినేతల గురించి అడిగారు. 2016 వికీపీడియా ఇచ్చి 2016 నాటి నేతల్ని అడిగితే 70 శాతం సరైన జవాబులు. 2018ది ఇచ్చి 2018 నాటి వాళ్లను అడిగితే 68 శాతం. సంవత్సరాలు తారుమారు చేస్తే 12, 4 శాతానికి పడిపోయాయి. మోడల్ అదే, మారింది పుస్తకం ఒక్కటే. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

హోస్ట్: మరి సరైన పేజీని ఎలా పట్టుకుంటుంది?

అతిథి: ప్రతి ముక్కను ఎంబెడింగ్ మోడల్ వందల సంఖ్యల వరుసగా మారుస్తుంది. అర్థం దగ్గరైతే వరుసలూ దగ్గరగా ఉంటాయి. ప్రశ్ననూ అలాగే మార్చి, దానికి దగ్గరున్న మూడో ఐదో ముక్కలు తెస్తాం. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

హోస్ట్: ఏమైంది?

అతిథి: ఒక కంపెనీ సెలవుల నియమావళి మీద కట్టాం. ఒక ఉద్యోగి, "నేను చేరి రెండు నెలలైంది, పెళ్లి సెలవు ఉందా?" అని అడిగారు. "ఉంది, 5 రోజులు" అని వచ్చింది. అది తప్పు. ఆ తర్వాతి పేజీలో "పై సెలవులన్నీ ఆరు నెలల ప్రొబేషన్ ముగిశాకే వర్తిస్తాయి" అని ఉంది.

హోస్ట్: మోడల్ ఆ వాక్యం చదవలేదా?

అతిథి: దానికి అందనే లేదండీ. నేను మోడల్‌నే అనుమానించి, సూచనలు మార్చి మార్చి రాసి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. తర్వాత వెతికి తెచ్చిన ముక్కల్ని తెర మీద ప్రింట్ చేశాను. మూడింటిలోనూ ఆ వాక్యం లేదు. నియమం ఒక ముక్కలో, మినహాయింపు మరో ముక్కలో పడ్డాయి. మినహాయింపు ముక్కలో "పెళ్లి" అనే మాటే లేదు, "పై సెలవులన్నీ" అని ఉంది. పైన ఏముందో కోసేటప్పుడే తెగిపోయింది. ఇక ప్రశ్నకు అది దగ్గరగా ఎలా కనిపిస్తుంది?

హోస్ట్: ఎలా సరిచేశారు?

అతిథి: పదాల లెక్కన కోయడం మానేసి సెక్షన్ల వారీగా కోశాం. ప్రతి ముక్క పైన దాని సెక్షన్ శీర్షిక అతికించాం. దాంతో మినహాయింపు కూడా "పెళ్లి సెలవు" శీర్షికతోనే వచ్చింది.

హోస్ట్: మూడుకు బదులు ముప్పై ముక్కలు ఇచ్చేస్తే సరిపోదా?

అతిథి: కొంతవరకు పనికొస్తుంది. కానీ సంబంధం లేనివి పెరిగేకొద్దీ మోడల్ అసలు వాక్యాన్ని దాటేసే ప్రమాదం ఉంది, ఖర్చూ పెరుగుతుంది. ఇంకో చిక్కు ఎర్రర్ కోడ్‌లు. E14, E41 అర్థం పరంగా దాదాపు ఒకటే అన్నట్టు కనిపిస్తాయి. అలాంటి చోట మాటల్ని ఉన్నవున్నట్టు సరిపోల్చే పాత పద్ధతి, BM25, పక్కనే ఉండాలి.

హోస్ట్: సరైన ముక్క అందినా మోడల్ తప్పు చెప్పొచ్చా?

అతిథి: చెప్పొచ్చు. జవాబు ముక్కల్లో లేకపోతే "లేదు" అనమని చెప్పినా, ఒక్కోసారి తన జ్ఞాపకం నుంచి పూరించేస్తుంది. అందుకే నేను వెతకడాన్నీ, రాయడాన్నీ విడిగా కొలుస్తాను. జవాబు ఏ పేజీలో ఉందో నాకు ముందే తెలిసిన 50 ప్రశ్నలు రాసుకుంటాను. మొదటి ఐదు ముక్కల్లో ఆ పేజీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతాను. పేజీ వచ్చిన ప్రశ్నల్లోనే మోడల్ జవాబు చూస్తాను. పేజీ రాని చోట మోడల్‌ను ముట్టుకోను, తిరిగి కత్తెర పట్టుకుంటాను.