సెల్లారులో ఉన్న కారు, దానిలో దాచిన ట్రాకర్

అందరికీ నమస్కారం. కారులో ఎవరికీ కనబడకుండా జీపీఎస్ ట్రాకర్ పెట్టించుకోవాలని మన అపార్టుమెంటులో చాలామంది అనుకుంటున్నారని, బండ్ల వైరింగు పని చేసేవాడిగా నన్ను దాని గురించి చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను. కొన్నదాన్ని ఎలా బిగించాలి, బిగించాక ఏం చూసుకోవాలి అన్నదే చెబుతాను.

ట్రాకర్ అనగానే అందరూ అడిగేది, “బండి ఎక్కడ తిరుగుతోందో ఫోనులో కనబడుతుందా?” అని. చవక పరికరంలోనూ కనబడుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: బండి ఆగి ఉన్నప్పుడు ట్రాకర్ ఏం చేస్తుంది? మన కార్లు రోజులో ఎక్కువ సేపు ఆగే ఉంటాయి. దొంగ వచ్చేదీ అప్పుడే, బ్యాటరీ దిగిపోయేదీ అప్పుడే. బ్యాటరీ కోసం ట్రాకర్‌ని నిద్రపుచ్చాలి, దొంగ కోసం మేలుకొలపాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే అసలు పని.

వైరు పెట్టి బిగించే ట్రాకర్‌కి మామూలుగా మూడు వైర్లు ఉంటాయి. ఎరుపు వైరు బ్యాటరీ పాజిటివ్‌కి, నలుపు ఎర్తుకి వెళ్తాయి. మూడోది ఇగ్నిషన్ వైరు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో రంగు ఇస్తుంది కాబట్టి కాగితంలో చూసుకోవాలి. ఎరుపు వైరుకి తాళం తీసినా పోని కరెంటు కావాలి. ఇగ్నిషన్ వైరుకి మాత్రం తాళం తిప్పితేనే వచ్చే కరెంటు కావాలి. ఇగ్నిషన్ వైరులో కరెంటు లేకపోవడాన్ని చూసే ట్రాకర్ “బండి ఆగింది, ఇక నిద్రపోవచ్చు” అని తెలుసుకుంటుంది. ఎరుపు వైరు మొదట్లోనే, కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగా, 1 లేదా 2 యాంపుల ఫ్యూజు ఉండి తీరాలి. అది లేకుండా బిగిస్తామంటే ఒప్పుకోకండి. ఎక్కడైనా వైరు ఒరుసుకుని షార్టయితే మంట పుట్టేది డాష్‌బోర్డు లోపల.

బిగించేవాళ్ళ తొందరలో ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఎరుపు, ఇగ్నిషన్ వైర్లు రెండింటినీ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండే చోట తగిలిస్తారు. అప్పుడు ట్రాకర్ దృష్టిలో ఇంజను ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, అది నిద్రే పోదు. తాళం జేబులో పెట్టుకుని యాప్ తెరిచినప్పుడు ఇగ్నిషన్ ఆన్ అని చూపిస్తోందంటే ఇదే జరిగిందన్న మాట. రెండో పొరపాటు దీనికి తలకిందులు. రెండు వైర్లనూ తాళంతో వచ్చే కరెంటుకే కలుపుతారు. బండి ఆపిన ప్రతిసారీ “పవర్ కట్” అని ఫోనుకి హెచ్చరిక వస్తుంటే అదీ సంగతి. అలాంటి ట్రాకర్ రాత్రంతా తన లోపలి చిన్న బ్యాటరీ మీదే బతకాలి. ఆ బ్యాటరీ చాలా పరికరాల్లో 200 ఎంఏహెచ్ లోపే ఉంటుంది, కొన్ని గంటలకి మించి రాదు. తెల్లవారుజామున దొంగ వచ్చే వేళకి ట్రాకర్ చచ్చిపోయి ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూద్దాం. చిన్న పెట్రోలు కారులో సాధారణంగా ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ, అంటే ఒక యాంపు చొప్పున 35 గంటలు ఇవ్వగలది. రెండేళ్ళు వాడినదైతే 28 ఏహెచ్ మిగిలిందనుకుందాం. అందులో సగం ఖర్చయితే సెల్ఫ్ కొట్టడం అనుమానమే, కాబట్టి మనం వాడుకోదగ్గది 14 ఏహెచ్. తాళం వేసి ఉన్నా గడియారం, లాకు రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకం కోసం కారే సుమారు 25 మిల్లీయాంపులు తాగుతుంది. అది రోజుకి 0.6 ఏహెచ్. ట్రాకర్ లేకుండా లెక్కేస్తే ఈ బండి 23 రోజులు ఆగి ఉన్నా స్టార్టవుతుంది.

దీనికి నిద్రపోని ట్రాకర్ తగిలించి, అది 60 మిల్లీయాంపులు తీసుకుంటోందనుకోండి. రోజుకి మరో 1.44 ఏహెచ్. ఇరవై మూడు రోజులు కాస్తా ఏడు రోజులకి పడిపోయాయి. అదే ట్రాకర్ సరిగ్గా నిద్రపోయి 6 మిల్లీయాంపులు తీసుకుంటే రోజుకి 0.14 ఏహెచ్ చాలు, బండి సుమారు 19 రోజులు నిలుస్తుంది. పరికరం అదే, బ్యాటరీ అదే, తేడా అంతా నిద్రలోనే. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజుల తరవాత వచ్చేవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

మన సెల్లారు వల్ల ఇంకో చిక్కుంది. కింద ఉపగ్రహాల సంకేతం అందదు, మొబైల్ సిగ్నల్ కూడా బలహీనమే. నిద్ర సరిగ్గా అమర్చని ట్రాకర్ అక్కడ ఆకాశాన్ని వెతుకుతూనే ఉంటుంది. టవరుకి మాట వినబడాలని పూర్తి బలంతో ప్రసారం చేస్తుంది, తెగిపోతే మళ్ళీ కలుపుకుంటుంది. అందుకే పైన వీధిలో నిలిపితే 40 మిల్లీయాంపులు తీసుకునే పరికరం సెల్లారులో 60 తీసుకున్నా ఆశ్చర్యం లేదు.

నిద్రలో రకాలున్నాయి. తేలిక నిద్రలో జీపీఎస్ మాత్రమే ఆగుతుంది. ట్రాకర్‌లోని సిమ్ నెట్‌వర్కులో ఉంటుంది కాబట్టి మీరు ఫోను నుంచి అడిగితే వెంటనే జవాబిస్తుంది. గాఢ నిద్రలో సిమ్‌ని కూడా ఆపేసి, కొన్ని గంటలకొకసారి లేచి “ఉన్నాను” అని చెప్పి మళ్ళీ పడుకుంటుంది. ఆ మధ్యలో మీరెంత పిలిచినా పలకదు. యాప్‌లో ఆఫ్‌లైన్ అని కనబడితే కంగారు పడి కంపెనీకి ఫోన్లు చేసేది ఇందుకే. మన సెల్లారుకి గాఢ నిద్రే సరైనదని నా అభిప్రాయం. అయితే ఒక షరతు ఉంది. లోపలి కదలిక సెన్సరు దాన్ని లేపగలగాలి. తాళం తిప్పితేనే లేచే ట్రాకర్ వద్దు. బండిని తోసుకుని, లేదా టోయింగు బండికి తగిలించుకుని పోతే ఇగ్నిషన్ ఆన్ కానే కాదు కదా.

ఈ పరీక్ష మీరే చేయవచ్చు. బండి ఆపి, తాళం వేసి, గంట సేపు వదిలేయండి. తరవాత తలుపు తీయకుండా డిక్కీ మీద చెయ్యి వేసి బండిని గట్టిగా ఊపండి. రెండు నిమిషాల్లోపు ఫోనుకి హెచ్చరిక రావాలి. ఒకసారి పైన వీధిలో, ఒకసారి కింద సెల్లారులో చేసి చూడండి. కింద సిగ్నల్ లేకపోతే ర్యాంపు ఎక్కి బయటికొచ్చాకే కబురు వస్తుంది, దానికి ట్రాకర్‌ని తప్పు పట్టలేం. పక్క బండి స్టార్టయినప్పుడల్లా హెచ్చరిక వస్తుంటే సెన్సరు సున్నితత్వం తగ్గించమనండి. కానీ దాన్ని పూర్తిగా ఆపించకండి.

నిద్రలో ఎంత తాగుతోందో కొలవడం కూడా కష్టం కాదు. చవక మీటర్లో 10 యాంపుల రేంజి 6 మిల్లీయాంపులని సరిగ్గా చూపలేదు. మిల్లీయాంపుల రేంజిలో పెడితే, ట్రాకర్ ప్రసారం చేసే క్షణంలో కరెంటు ఎగసి మీటరు ఫ్యూజు పోవచ్చు. అందుకని ఎరుపు వైరులో, ఫ్యూజు తరవాత, 1 ఓమ్ రెసిస్టరు ఒకటి తాత్కాలికంగా వేసి దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూడమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి. ఎన్ని మిల్లీవోల్టులు చూపితే అన్ని మిల్లీయాంపులు. తాళం తీసిన వెంటనే 50 చూపినా ఫరవాలేదు. అరగంట తరవాత పదికి దిగువకి రావాలి. రాకపోతే ఇగ్నిషన్ వైరు తప్పు చోట ఉందో, నిద్ర సెట్టింగే వేయలేదో తేల్చుకున్నాకే డబ్బులివ్వండి.

దాచే చోటు గురించి కొద్దిగా. స్టీరింగు కింద, మెకానిక్కులు బండిని పరీక్షించడానికి వాడే ఓబీడీ సాకెట్లో గుచ్చే ట్రాకర్‌ని దొంగ ఒక్క చేత్తో లాగేస్తాడు. దొంగతనం కోసమైతే అది వద్దు. ప్లాస్టిక్కు జీపీఎస్‌ని ఆపదు, ఇనుప రేకు ఆపుతుంది. కాబట్టి డాష్‌బోర్డు ప్లాస్టిక్కు వెనక, యాంటెన్నా ఉన్న ముఖం ఆకాశం వైపు ఉండేలా కట్టాలి. అద్దానికి ఆనుకుని మాత్రం వద్దు. మే నెల ఎండలో అక్కడి వేడికి లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బిపోతుంది. ఇంజను గది కూడా అందుకే పనికిరాదు.

ఎంత బాగా దాచినా, కారు బ్యాటరీ టెర్మినల్ పీకేస్తే వైరు ట్రాకర్‌కి మిగిలేది ఆ కొన్ని గంటలే. కొత్త, ఖరీదైన బండి అయితే సొంత బ్యాటరీతో నడిచే రెండో ట్రాకర్ ఒకటి వెనక సీటు లోపలో, వెనక బంపరు ప్లాస్టిక్కు లోపలో పెట్టుకోవడం మంచిది. రోజుకి ఒక్కసారే లేచి చోటు చెప్పేలా అమరిస్తే దాని బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. మొదటిదాన్ని వెతికి పీకేసిన దొంగ మరునాడు బండిని ఎక్కడ దాచాడో అది చెబుతుంది. దొంగ సిగ్నళ్ళని అడ్డుకునే జామర్ వాడినా, దాన్ని ఆపేసిన తరవాత ఇది లేస్తే చాలు.

ఇక ట్రాకర్‌కి ఏటా కట్టే చందా. దుకాణంలో “డేటా ఖర్చండీ” అంటారు. నిజానికి డేటా ఖర్చు చాలా తక్కువ. ఒక్కో కబురు 150 బైట్లు, పది సెకన్లకొకటి, రోజుకి రెండు గంటల ప్రయాణం అనుకుంటే 720 కబుర్లు, సుమారు 108 కిలోబైట్లు. పైఖర్చులు కలిపి రెట్టింపు వేసినా నెలకి 7 ఎంబీ దాటదు. మీరు కట్టేది సర్వరుకి, మ్యాపుకి, యాప్‌కి. కాబట్టి కొనేటప్పుడు ఐదేళ్ళ లెక్క వేయండి. మొదటి ఏడాది చందాతో కలిపి 2,500, తరవాత ఏడాదికి 1,200 అన్నారనుకోండి, ఐదేళ్ళకి 7,300 అవుతుంది. పరికరం 1,500కే ఇచ్చి ఏడాదికి 2,000 అడిగేవాడి దగ్గర, మొదటి ఏడాది చందా ఉచితమైనా, అదే 9,500. పైకి చవకగా కనబడినదే ఖరీదు.

ధర కన్నా ముఖ్యమైనవి రెండు అడగండి. ఒకటి, సిమ్ ఎవరి పేరున ఉంది? సాధారణంగా అది కంపెనీ తీసుకున్న 13 అంకెల ఎం2ఎం సిమ్, అంటే మనుషులకి కాక పరికరాలకి ఇచ్చే సిమ్. చందా గడువు దాటితే వాళ్ళు ఆపేస్తారు, మీ చేతిలో ఏమీ ఉండదు. గడువు తేదీని బండి ఇన్సూరెన్సు తేదీతో కలిపి రాసుకోండి. రెండోది, సర్వరు చిరునామా మార్చుకునే వీలుందా? ఉంటే, కంపెనీ మూతపడినా పరికరం పనికొస్తుంది. కంప్యూటర్లు తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ట్రాకార్ అనే ఉచిత సర్వరు సాఫ్ట్‌వేరుకి దాన్ని తిప్పుకోవచ్చు, అప్పుడు సిమ్ ఖర్చొక్కటే. 2జీ మాత్రమే తెలిసిన పాత పరికరం కూడా కొనకండి. జియోకి 2జీ లేనే లేదు, మిగతావాళ్ళు ఎన్నాళ్ళుంచుతారో మన చేతిలో లేదు. 4జీ ఉండి, అవసరమైతే 2జీకి దిగేది తీసుకోండి.

చందా అక్కరలేదని ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ బిళ్ళ పెట్టుకునేవాళ్ళున్నారు. వెంట తెలియని ట్యాగ్ ఉందని అది కొంత సేపటికి దొంగ ఫోనుకే చెప్పేస్తుంది. దాని మీద ఆధారపడకండి.

ట్రాకర్ ఉంటే ఇన్సూరెన్సు ప్రీమియం తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. ఆ తగ్గింపు బండ్లని, వాటి పరికరాలని పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన పరికరానికి, బిగింపుని ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువీకరించినప్పుడే. అదీ సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. ఆ డబ్బు కోసమని ట్రాకర్ కొనకండి.

చివరగా, బండిని ఇంట్లోవాళ్ళు, డ్రైవరు ఎవరు నడిపినా ట్రాకర్ ఉందని వాళ్ళకి తెలియాలి. ఎక్కడ ఉందో చెప్పనక్కరలేదు. పరికరం ఐఎంఈఐ నంబరు, బిగించినప్పుడు తీసిన ఫోటోలు బండిలో కాకుండా ఇంట్లో ఉంచండి. కారు కనబడకపోతే మ్యాపు పట్టుకుని మీరు వెంటబడవద్దు. 112కి ఫోను చేసి, స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, యాప్‌లో లైవ్ లింకు తయారు చేసి పోలీసుల ఫోనుకి పంపండి. ఆ లింకు ఎలా పంపాలో ట్రాకర్ బిగించిన రోజే మీ ఇంట్లోవాళ్ళ ఫోనుకి ఒకసారి పంపి నేర్చుకోండి.