రాత్రి మూడున్నరకి మీ రౌటర్ చేసే పని

"అన్నా, మాది నిజాంపేట, అపార్ట్‌మెంట్‌లో థర్డ్ ఫ్లోర్, నైట్ షిఫ్ట్ చేస్తా. రోజూ రాత్రి మూడున్నర అయితే చాలు కాల్ కట్ అయితది, నిమిషం తర్వాత దానంతటదే వస్తది. పొద్దున చూస్తే గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్ ఆఫ్‌లైన్. సాయంత్రం టీవీ తిరుగుతనే ఉంటది. కస్టమర్ కేర్ వాళ్ళేమో లైన్ బాగుంది అంటున్నరు. రౌటర్ మార్చేయాలా?"

వద్దు తమ్ముడూ, డబ్బులు దాచుకో. లైన్ బాగుంది అని వాళ్ళు చెప్పింది కూడా నిజమే అయ్యుండొచ్చు, ముందు అది తేల్చుకుందాం. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కోటి రన్ చేసి వదిలేయ్, మొదటి దాంట్లో నీ రౌటర్ అడ్రస్ ఏదైతే అది కొట్టు:

```
ping 192.168.0.1 -t
ping 8.8.8.8 -t
```

మూడున్నరకి కట్ అయినప్పుడు రెండోది ఒక్కటే ఆగిపోయి మొదటిది నడుస్తుంటే అది కంపెనీ లైన్ సమస్య, నిలదీసి అడుగు. రెండూ కలిసి ఆగిపోతే నీ ల్యాప్‌టాప్‌కీ నీ హాల్లో ఉన్న డబ్బాకీ మధ్యనే తెగుతోందన్నట్టు. మన తమ్ముడికి రెండూ ఆగినయ్.

తర్వాత, పడుకునే లోపు ఒకసారి, కట్ అయిన తర్వాత ఒకసారి ఇది కొట్టమన్నా:

```
netsh wlan show interfaces
```

అందులో Channel అని ఒక లైన్ ఉంటది, నీ వైఫై ఏ రేడియో దారిలో నడుస్తోందో ఆ నంబర్ అది. రాత్రి పదకొండుకి 44 ఉంది, మూడున్నర దాటినంక 100 అయ్యింది. దొంగ దొరికిండు.

ఏం జరుగుతోందంటే, చాలా రౌటర్లలో చానల్ అనే సెట్టింగ్ Auto మీద ఉంటది, కొన్ని మోడళ్ళు అంతటితో ఆగకుండా రోజూ ఒక టైమ్‌కి చుట్టుపక్కల వైఫైలన్నీ స్కాన్ చేసి, ఏ చానల్ ఖాళీగా అనిపిస్తే దానికి మారిపోతయ్. ఆ టైమ్‌కి జనం పడుకుని ఉంటరు కదా అని డిజైన్ చేసినోళ్ళు అనుకున్నరు, హైదరాబాద్‌లో సగం గచ్చిబౌలి ఆ టైమ్‌కే క్లయింట్ కాల్‌లో ఉంటదని వాళ్ళకి ఎవరు చెప్పాలె.

మారడం అంటే మామూలుగా సెకన్ల పని. రౌటర్ "నేను ఫలానా చానల్‌కి పోతున్నా, మీరూ రండి" అని ముందే అందరికీ చెప్తది, కొత్త ఫోన్లు ల్యాప్‌టాప్‌లు వెంట పోతయ్. మరి నిమిషం ఎందుకు పట్టింది? 100 వల్ల. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్ళని రాడార్లు కూడా వాడతయ్, అందుకని ఆ చానళ్ళలోకి పోయే ముందు రౌటర్ నోరు మూసుకుని 60 సెకన్లు వినాలె, రాడార్ లేదని తేలితేనే మాట్లాడాలె. ఆ నిమిషం నీ 5 గిగాహెర్ట్జ్ పూర్తిగా బంద్. వాడుకలో ఉండగా రాడార్ లాంటి సిగ్నల్ ఏదైనా వినిపించినా అంతే, అక్కడి నుంచి లేచిపోవాల్సిందే, అరగంట దాకా ఆ చానల్‌కి తిరిగి రాకూడదు. కాబట్టి గ్యాప్ ఎంతసేపో చూడండి, సరిగ్గా నిమిషం పైన ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

గీజర్ ప్లగ్ కథ వేరే. ఇలాంటి చవక ప్లగ్గులు ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తయ్, రౌటర్ చెప్పిన "రండి" అనే మాట కొన్నిటికి అర్థం కాదు, పాత చానల్‌లోనే ఉండిపోతయ్. కొన్ని కాసేపటికి వెతుక్కుని వస్తయ్, కొన్నిటిని ప్లగ్ పీకి మళ్ళీ పెట్టేదాకా రావు. ఇంకో చిన్న సంగతి, మన దేశంలో 2.4లో 13 చానళ్ళు వాడొచ్చు, అమెరికాలో మామూలుగా 11 వరకే, అందుకే అక్క బిడ్డ అమెరికా నుంచి తెచ్చిన టీవీ స్టిక్ ఉన్నట్టుండి మీ వైఫై పేరే చూపించట్లేదంటే రౌటర్ 12కో 13కో పోయిందేమో చూడండి.

ఇక సాయంత్రం టీవీ. ఇది నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే విషయం. రాత్రి మూడున్నరకి పక్క ఫ్లాట్ల రౌటర్లు ఆన్‌లోనే ఉంటయ్ గానీ వాటిమీద ఎవరూ వీడియోలు చూడరు, గాలి ఖాళీగా ఉంటది. తెల్లవారుజామున ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చూసి ట్రాఫిక్ లేదని రాసుకున్నట్టు, రౌటర్ ఆ లెక్క మీద చానల్ పెట్టుకుంటది, రాత్రి తొమ్మిదింటికి అదే చానల్ మీద నాలుగు ఫ్లాట్లు మ్యాచ్ చూస్తుంటయ్. పైగా ఒకే కంపెనీ కనెక్షన్ బిల్డింగ్ అంతా ఉండి అందరికీ ఒకే మోడల్ డబ్బా ఇస్తే, అన్నీ దగ్గర దగ్గర టైమ్‌కే స్కాన్ చేసి, ఒకటి 6 ఖాళీ చేస్తే ఇంకోటి అందులో దూరి, అది చూసి మూడోది కదిలి, రోజూ ఇదే ఆట.

చానల్ లాగే సిగ్నల్ పవర్‌ని కూడా దానంతటదే మార్చుకునే ఆటో ఒకటుంది. అది అన్ని ఇళ్ళలో ఉండదు, రెండు మూడు డబ్బాలు కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే కొన్ని మెష్ సెట్లలో, ఆఫీస్ యాక్సెస్ పాయింట్లలో ఉంటది. రెండు యూనిట్లు ఒకదాన్నొకటి గట్టిగా వింటే "ఇంత అవసరం లేదు" అని పవర్ తగ్గించుకుంటయ్. 20 dBm నుంచి 14కి దిగితే పవర్ నాలుగో వంతు అయినట్టు, బాల్కనీలో సిగ్నల్ -65 చూపించే ఫోన్ -71 చూపిస్తది, వీడియో కాల్‌కి -67 దాటి పడితే ఇబ్బంది మొదలవుతది. చానల్ మారకుండా ఇల్లంతా ఒకేసారి సిగ్నల్ తగ్గిందంటే ఇదేనేమో చూసుకోండి.

సరే, చేయాల్సింది. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది మధ్యలో చూడండి, పొద్దున కాదు. 2.4లో 1, 6, 11 ఈ మూడిట్లోనే ఒకటి ఎంచుకోండి, చానల్ విడ్త్ 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 3 ఖాళీగా కనిపిస్తోంది కదా అని అందులోకి పోకండి, ఒకే చానల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకుంటయ్, 3లో కూర్చుంటే 1 వాళ్ళకీ 6 వాళ్ళకీ మీరు రొద, మీకు వాళ్ళు రొద. 5లో 36 గానీ 149 గానీ పెట్టండి, వీటికి రాడార్ తంటా లేదు. విడ్త్ 80 ఉంటే 36, 40, 44, 48 అన్నీ ఒకటే బ్లాక్, వాటిలో అటూ ఇటూ మార్చి ఏదో చేసినం అనుకోవద్దు. పవర్ కూడా ఆటో తీసేసి చేత్తో పెట్టండి, ఫుల్‌కే పెట్టాలని లేదు, ఎందుకంటే రౌటర్ ఎంత అరిచినా ఫోన్ తిరిగి జవాబు చెప్పే గొంతు చిన్నదే.

తమ్ముడు 11, 36 పెట్టిండు. మూడున్నర కాల్ ఇప్పుడు కట్ అవట్లేదు, ప్లగ్ పొద్దున ఆన్‌లైన్‌లోనే ఉంటోంది. టీవీ మాత్రం ఆదివారం రాత్రి ఇంకా కాస్త తిరుగుతోందట, 2.4 మీద ఉన్నంతకాలం అది తప్పదు, దాన్ని 5కి మార్చుకోమన్నా.

కొన్ని మెష్‌లలో చానల్ మార్చే చాన్సే ఇవ్వరు, అప్పుడు రోజూ చేసే ఆ స్కాన్, అంటే ఆప్టిమైజేషన్, దాని టైమ్ మార్చే ఆప్షన్ ఉందేమో చూసి, ఇంట్లో ఎవరూ కాల్‌లో లేని టైమ్‌కి జరపండి. కంపెనీ ఇచ్చిన డబ్బా అయితే వాళ్ళు అక్కడి నుంచే అప్‌డేట్ తోసినప్పుడు మీ సెట్టింగ్ మళ్ళీ Auto అయిపోవచ్చు, అందుకని మళ్ళీ కట్ మొదలైతే కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టే ముందు రౌటర్‌లో ఆ సెట్టింగ్ పేజీ ఒకసారి తెరిచి చూడండి.