లిఫ్టుకూ కామన్ ఏరియాకూ ఫైర్ పాలసీ ఎందుకు: అసోసియేషన్ సర్వసభ్య సమావేశంలో ప్రసంగం

సభ్యులందరికీ నమస్కారం. మెయింటెనెన్స్ పెంపు మీద ఇంతసేపు వాదించుకున్నాక నేను ఇంకో ఖర్చు గురించి మాట్లాడుతున్నాను, ఏమనుకోకండి.

మనలో చాలామందికి హోమ్‌లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టిన ఇన్సూరెన్స్ ఉంది. అది మీ ఫ్లాట్ వరకే. సెల్లారు, మెట్లు, మీటర్ల గది, మోటార్లు, జనరేటరు, లిఫ్టు వీటికి మాత్రం ఏ పాలసీ లేదు. ఇవి కాలితే డబ్బు మన జేబుల్లోంచే రావాలి.

అసలు చిక్కు లిఫ్టుతోనే. సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని మంటలు లిఫ్టు దాకా వచ్చాయనుకుందాం. ఫైర్ పాలసీ ఉంటే ఆ నష్టం వస్తుంది. అదే లిఫ్టు కంట్రోల్ ప్యానెల్‌లోనే షార్ట్ సర్క్యూట్ అయి మంట మొదలైతే? మామూలు ఫైర్ పాలసీ ఆ ప్యానెల్‌కు పైసా ఇవ్వదు. దాన్నుంచి మంట పాకి కాలిన క్యాబిన్‌కూ లాబీ గోడలకూ మాత్రం ఇస్తుంది. ఆ మొదటి ప్యానెల్‌కు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ విడిగా తీసుకోవాలి. అదొక్కటే తీసుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. మంటల వల్ల కలిగే నష్టాన్ని అది తనలో కలుపుకోదు. ఏఎంసీ ఉందిగా అని ఇందాక ఒకరన్నారు. అది సర్వీసింగ్ ఒప్పందం, ఇన్సూరెన్స్ కాదు.

ఇక ఎంతకు చేయించాలి? ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి రాయిద్దామనిపిస్తుంది. మన కామన్ ఏరియా, లిఫ్టు, మోటార్లు అన్నీ ఇవాళ కొత్తగా పెట్టుకోవాలంటే కోటి రూపాయలవుతుందనుకోండి. మనం 60 లక్షలకే చేయించాం. 10 లక్షల నష్టం జరిగింది. అసలు విలువలో ఎంత శాతానికి చేయించామో నష్టంలోనూ అంతే శాతం ఇస్తామనే యావరేజ్ క్లాజ్ పాలసీలో ఉంటే వచ్చేది 6 లక్షలే, అందులోంచి మన వాటా కింద పెట్టుకోవాల్సిన మొత్తం కూడా పోతుంది. నష్టం 60 లక్షల లోపే కదా, పూర్తిగా వస్తుందిలే అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఈ లెక్కలో స్థలం ధర కలపక్కర్లేదు. స్థలం కాలిపోదు కదా. పాత లిఫ్టు తరుగు తీసేయకుండా కొత్తదాని ధర ఇచ్చేలా 'రీఇన్‌స్టేట్‌మెంట్' పద్ధతిలో రాయించాలి.

పాలసీ అసోసియేషన్ పేరు మీదే ఉండాలి. ప్రెసిడెంట్ గారి పేరు మీద తీసుకుంటే క్లెయిమ్ నాడు పేచీ వస్తుంది. ఎప్పుడైనా ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి చెప్పాలి, ఫైర్ స్టేషన్ రిపోర్టు తీసుకోవాలి. నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా కాలిన భాగాలను పాత సామాన్లవాడికి ఇవ్వకూడదు. మంట ఎక్కడ మొదలైందో ఆ ముక్కలే చెబుతాయి, ఏ పాలసీ కింద డబ్బు రావాలో దాన్నిబట్టే తేలుతుంది.

నా ప్రతిపాదన ఇది. ఇదే లిఫ్టు ఇవాళ కొత్తగా పెట్టడానికి ఎంతవుతుందో మన లిఫ్టు కంపెనీ నుంచి లిఖితంగా తెప్పిద్దాం. కట్టడం భాగానికి ఒక ఇంజనీర్ చేత అంచనా వేయిద్దాం. ఆ రెండు కాగితాలతో కనీసం రెండు కంపెనీల కొటేషన్లు తీసుకుని, ఫైర్, బ్రేక్‌డౌన్ రెండింటి ప్రీమియం విడివిడిగా వచ్చే మీటింగ్‌లో మీ ముందు పెడతాం. దీనికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.