నామినీ లేని డీమాట్ ఖాతా

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఇంటాయన పోయారు. ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్న డీమాట్ ఖాతాలో సుమారు 9 లక్షల రూపాయల షేర్లున్నాయి. నామినీ లేరు, వీలునామా లేదు. భార్య, కొడుకు, కూతురు ఉన్నారు. షేర్లన్నీ భార్య పేరుకు మార్చాలన్నది ఇంట్లో అందరి మాట.

ఆయన ఫోనుకు ఓటీపీలు వస్తున్నాయి కదా అని ఆయన లాగిన్‌తో అమ్మేయకండి. మనిషి పోయాక ఆ ఖాతాలో లావాదేవీ చేసే హక్కు ఎవరికీ ఉండదు. రేపు వారసుల్లో ఒకరు అడిగితే చిక్కే.

ముందు ఆమె తన పేరున డీమాట్ ఖాతా తెరవాలి. దాని వివరాలుండే క్లయింట్ మాస్టర్ రిపోర్టు తీసుకుని, భర్త ఖాతా ఉన్న బ్రోకరు లేదా బ్యాంకు దగ్గర, షేర్లను వారసుల పేరుకు మార్చమని అడిగే ట్రాన్స్‌మిషన్ ఫారం ఇవ్వాలి. ధ్రువీకరించిన మరణ ధ్రువపత్రం నకలు, పాన్ జత చేయాలి. ఖాతా విలువ 15 లక్షల లోపు కాబట్టి వారసత్వ పత్రాలేవీ చేతిలో లేకపోయినా దారి ఉంది. నోటరీ చేయించిన అఫిడవిట్, తర్వాత ఎవరైనా హక్కు అడిగితే ఆ నష్టం తానే భరిస్తానని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. 15 లక్షలు దాటితే ఇవి చాలవు. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్టో, చట్టబద్ధ వారసుల ధ్రువపత్రమో కావాలి.

చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఆ నిరభ్యంతర పత్రం దగ్గరే. ఈయన తల్లి తెనాలి దగ్గర పల్లెలో ఉన్నారు. హిందూ వారసత్వ చట్టంలో భార్యాబిడ్డలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. నలుగురిదీ సమాన వాటా. పిల్లల సంతకాలు పెట్టించి, పెద్దావిడను మరిచిపోతే కాగితాలు తిరిగొస్తాయి. తండ్రి మాత్రం ఈ తరగతిలో రారు.

రెండో చిక్కు మన ఇంటిపేర్లు. పాన్‌లో పూర్తిగా, డీమాట్‌లో ఒక్క అక్షరంగా, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటాయి. ఆ పేర్లన్నీ ఒక్క మనిషివేనని అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి.

మ్యూచువల్ ఫండ్ యూనిట్లు డీమాట్‌లో ఉంటే పైన చెప్పిన దారే. డీమాట్‌లో కాకుండా ఫండు సంస్థ దగ్గరే ఉండే విడి ఫోలియోలో ఉంటే బ్రోకరుకు సంబంధం లేదు. ఆ ఫండు మదుపరుల రికార్డులు చూసే రిజిస్ట్రారు కామ్స్ అయితే వాళ్ల దగ్గర, కేఫిన్‌టెక్ అయితే వాళ్ల దగ్గర ఫారం టీ3 ఇవ్వాలి. ఆమె కేవైసీ, ఆమె పేరు ముద్రించిన రద్దు చేసిన చెక్కు కావాలి.

నామినీ ఉంటే పని తేలికే. కానీ నామినీ అయినంత మాత్రాన యజమాని కారు. వారసుల హక్కును నామినేషన్ తోసిపుచ్చదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది.

ఇలా పేరు మారినందుకు మూలధన లాభాల పన్ను పడదు. అమ్మినప్పుడు మాత్రం భర్త కొన్న ధర, కొన్న తేదీయే లెక్కకు వస్తాయి. అందుకే కొన్న ధర, తేదీ రాసి బ్రోకరు ఇచ్చిన ఆయన పాత కాంట్రాక్టు నోట్లు పారేయకండి.