డ్రై రన్ ఆపేయమన్నోడే మీ మోటార్ కాల్చేది!

"అన్నా, పొద్దున ఏడింటికి మా సోలార్ మోటార్ ఆన్ అయితది, రెండు నిమిషాలకి ఆగిపోతది, నీళ్ళు లేకుండా తిరుగుతోందని, అదే డ్రై రన్ అని చూపిస్తది. బోర్లో నీళ్ళు ఫుల్లుగా ఉన్నాయి. ఫోన్ చేస్తే డ్రై రన్ సెట్టింగ్ ఆపేయమంటున్నారు. ఆపేయమంటావా?"

వద్దు. చెయ్యి కూడా పెట్టొద్దు దాని మీద!

పోయిన వీడియో కింద సగం కామెంట్లు ఇదే గొడవ. ఒకాయన దుమ్ము పట్టిందని రోజూ తెల్లారకముందే లేచి ప్యానెళ్ళు కడుగుతున్నాడంట. కడగండి, మంచిదే, కానీ ఈ రోగానికి అది మందు కాదు. నేను చెప్పేది ఒక్కటే, రాసి పెట్టుకోండి: పొద్దున పూట వచ్చే డ్రై రన్ చాలా వరకు అబద్ధం. బోరు ఎండలేదు. ఎండ చాలట్లేదు. మోటార్‌ని నడిపే ఆ కంట్రోలర్ బాక్సుకి ఈ రెండింటికీ తేడా తెలీట్లేదు, అంతే.

ఎందుకు తెలీట్లేదో చూడండి. తెల్లవారి సూర్యుడు అట్లా తల ఎత్తగానే ప్యానెల్ వోల్టేజ్ దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. మన దగ్గర మామూలుగా కనపడే 5 హెచ్‌పీ సెట్టు తీసుకుందాం, 4800 వాట్లు, 320 వాట్ల ప్యానెళ్ళు 15 వరసగా కట్టింది. లోడ్ లేనప్పుడు 650 వోల్ట్‌ల పైనే చూపిస్తుంది. కంట్రోలర్ అది చూసి "ఓహో, ఎండ వచ్చేసింది" అని మోటార్ తిప్పుతుంది. కానీ కరెంటు ఎండని బట్టే వస్తుంది. వోల్టేజ్ లాగా ముందే రాదు. మోటార్ లాగగానే వోల్టేజ్ దబ్బున పడుతుంది. అది మరీ పడిపోకుండా కంట్రోలర్ ఫ్రీక్వెన్సీ తగ్గిస్తుంది. 50 హెర్ట్జ్ నుంచి 40, 35, 32... మోటార్ నెమ్మదిగా తిరుగుతుంది. కంట్రోలర్‌లో మోటార్ వేగం మార్చే వీఎఫ్‌డీ చేసే పని ఇదే. దీన్ని తప్పు పట్టకండి, ఇది లేకపోతే సోలార్ మీద మోటార్ స్టార్టే కాదు. మామూలు స్టార్టర్ మీద మోటార్ మొదలవ్వాలంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ప్యానెల్ ఎంత గింజుకున్నా ఒకటిన్నర రెట్లు కూడా ఇవ్వదు.

ఇప్పుడు అసలు పాయింటు. మోటార్ తిరిగినంత మాత్రాన నీళ్ళు రావు!

పంపు నీటిని ఎంత ఎత్తుకి నెట్టగలదు అనేది వేగం వర్గాన్ని బట్టి పోతుంది. మీ పంపు 50 హెర్ట్జ్ దగ్గర మహా అంటే 100 మీటర్లు నెడుతుంది అనుకోండి. బోర్లో నీళ్ళు 64 మీటర్ల లోతులో ఉన్నాయి. 40 హెర్ట్జ్ అంటే 0.8 వంతు వేగం. 0.8 ని 0.8 తో గుణిస్తే 0.64. అంటే సరిగ్గా 64 మీటర్లు. 40 దగ్గర నీళ్ళు పైపు అంచుదాకా వచ్చి నిలబడతాయి, బయట పడవు. 41, 42 దాటితేనే మొదటి ధార. మరి పొద్దున ఏడింటికి మీ మోటార్ 32 మీద తిరుగుతోంది. ఏం పంపుతుంది? ఏమీ లేదు! పంపులో ఉన్న ఆ కాసిని నీళ్ళనే చిలుకుతూ, వేడెక్కిస్తూ కూర్చుంటుంది.

నీళ్ళు కదలట్లేదు కాబట్టి లోడు లేదు. లోడు లేదు కాబట్టి ఆంప్స్ తక్కువ. పూర్తి ఎండలో 8 ఆంప్స్ లాగే మోటార్ ఇప్పుడు నాలుగున్నర లాగుతుంది. బోరు నిజంగా ఎండినా అంతే, నాలుగున్నర దగ్గరికే పడుతుంది. బిగించినాయన డ్రై రన్ "5 ఆంప్స్ కంటే తగ్గితే ఆపు" అని పెట్టిపోయాడు. ఇక ఆపక ఏం చేస్తుంది పాపం?

నా సిద్ధాంతం వినండి, కోపం వచ్చినా సరే. ఫిట్టింగ్ వాళ్ళు ఎప్పుడు వస్తారు? పదకొండుకి వచ్చి, మధ్యాహ్నం ఎర్రటి ఎండలో మోటార్ ఆన్ చేసి, ధార చూపించి, ఫొటో తీసుకుని, సంతకం పెట్టించుకుని పోతారు. ఆ బాక్సు పొద్దున ఆరున్నరకి ఏం చేస్తుందో వాళ్ళలో ఎంతమంది చూశారు? ఊరు మారినా, బోరు లోతు మారినా, సెట్టింగ్ మాత్రం అదే. ఫోన్ చేస్తే "డ్రై రన్ తీసేయండి సార్, సమస్య ఉండదు". ఉండదు, నిజమే, పొద్దున ఉండదు. వేసవి మధ్యాహ్నం రెండింటికి బోరు నిజంగానే ఎండిపోతే? ఎండ దండిగా ఉంది, మోటార్ 50 మీద గిర్రున తిరుగుతుంది, చేలో మీరు లేరు. చల్లబరచడానికి నీళ్ళు లేవు. ప్లాస్టిక్ ఇంపెల్లర్లు మెత్తబడి అతుక్కుంటాయి, బేరింగులు పోతాయి, వైండింగ్ మాడుతుంది. అన్ని పైపులూ బయటికి లాగి, మోటార్ తీసి, రివైండింగ్‌కి పంపించే ఖర్చు ఆ ఫోన్లో మాట్లాడినాయన కడతాడా?

నిజం డ్రై రన్నో అబద్ధమో ఎలా తెలుస్తుంది? బాక్సు స్క్రీన్ మీద మూడు అంకెలు చూడండి: హెర్ట్జ్, ఆంప్స్, డీసీ వోల్టేజ్. రిమోట్ మానిటరింగ్ ఉన్నవాళ్ళకి ఇవి మొబైల్లోనే వస్తాయి. ఆంప్స్ రెండు సందర్భాల్లోనూ తక్కువే, దాన్ని నమ్మి మోసపోకండి. హెర్ట్జ్ చూడండి. ఎండ చాలకపోతే హెర్ట్జ్ 30ల్లో వేలాడుతుంది, వోల్టేజ్ 540, 550 దగ్గర ఉంటుంది, ఎందుకంటే వచ్చిన కాస్త కరెంటూ వాడేస్తోంది. బోరు ఎండితే తిరగబడుతుంది: లోడు లేదు కాబట్టి హెర్ట్జ్ 50కి ఎగబాకుతుంది, ప్యానెల్ మీద బరువు లేదు కాబట్టి వోల్టేజ్ 640 వైపు లేస్తుంది. ఒకటి ఈడ్చుకుంటూ తిరగడం, ఇంకోటి ఊరికే తిరగడం. మంచి కంట్రోలర్లు ఈ తేడా చూసే నిర్ణయిస్తాయి.

మరి సెట్టింగ్ ఏం మార్చాలి? ఒక పొద్దున డెలివరీ పైపు దగ్గర నిలబడండి, ఇంకొకరిని బాక్సు దగ్గర పెట్టండి. మొదటి ధార పడగానే కేకేయండి, ఆ హెర్ట్జ్ రాసుకోమనండి. మన ఉదాహరణలో 41 అనుకోండి. కనీస ఫ్రీక్వెన్సీ 40 పెట్టించండి, దానికంటే కింద ఒకటి రెండు నిమిషాలు ఉంటే మోటార్ పడుకోవాలి, పది నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. డ్రై రన్ లెక్క ఆ 41 పైన మాత్రమే మొదలవ్వాలి. మోటార్ అరగంట ఆలస్యంగా మొదలవుతుంది కదా అంటారేమో. ఆ అరగంట ఎట్లాగూ నీళ్ళు రాలేదు!

ఒక చిక్కు ఉంది. నీటి మట్టం దిగితే ఈ అంకె మారుతుంది. వేసవిలో 64 కాస్తా 81 మీటర్లకి దిగితే 40 కాదు, 45 హెర్ట్జ్ కావాలి. కాబట్టి వానాకాలంలో పెట్టిన అంకె ఏప్రిల్‌లో పనికిరాదు, మళ్ళీ పైపు దగ్గర నిలబడాల్సిందే.

అన్నట్టు, పొద్దున త్వరగా స్టార్ట్ అవుతుందని వరసలో ఇంకో మూడు ప్యానెళ్ళు కలపమనే మహానుభావులు కూడా తయారయ్యారు. 15 కాస్తా 18 చేస్తే లోడ్ లేనప్పుడు 800 వోల్ట్‌లు దాటుతుంది, అదీ చలికాలం పొద్దున ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. మీ కంట్రోలర్ లేబుల్ మీద గరిష్ఠ డీసీ ఎంతో చదవకుండా కలిపారో, మోటార్ కంటే ముందు బాక్సే పేలుతుంది.

సెట్టింగ్‌లకి పాస్‌వర్డ్ పెట్టి రైతుకి ఇవ్వరు, ఆ సంగతీ తెలుసు, దాని మీద వేరే వీడియోలో కడిగేస్తా. ప్రస్తుతానికి మనిషిని పిలిపించి మీ ముందే మార్పించండి, అదీ పొద్దున ఏడింటికి రమ్మనండి, మధ్యాహ్నం కాదు. కింద కామెంట్లో బోరు నీటి మట్టం, మొదటి ధార పడిన హెర్ట్జ్, ట్రిప్ అయినప్పటి వోల్టేజ్, ఈ మూడు పెట్టండి. "అన్నా మోటార్ ఆగిపోతోంది" అని మాత్రం పెట్టకండి.