వారం వారం ఎత్తే బరువు పెరగడం ఆగిపోయినప్పుడు

వేదిక మీది పెద్దలకు, పొద్దున్న అయిదింటికే వచ్చి మనకు తాళం తీసే వాచ్‌మన్ తాతకు, గాజువాక నుంచీ పెందుర్తి నుంచీ వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం. జిమ్ము పదో వార్షికోత్సవానికి తిండి గురించి మాట్లాడమన్నారు. అది ఇంకోసారి చెప్తాను. నిన్న సాయంత్రం ఒక తమ్ముడు బార్ ర్యాక్ మీద పెట్టేసి, "మేస్టారూ, నా ఒళ్లింతే, మానేస్తాను" అన్నాడు. ఆ మాట విన్నాక నేను వేరే విషయం మాట్లాడలేను.

అతను ఒప్పుకున్నాడు కాబట్టి అతని నోట్‌బుక్కులో ఉన్నదే చెప్తున్నాను. మనిషి 68 కిలోలు. స్క్వాట్ 40 కిలోలతో మొదలుపెట్టాడు, మూడు సెట్లు, సెట్టుకి అయిదు రెప్పులు. మొదట్లో వచ్చిన ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచాడు, తర్వాత వారానికోసారి. 97.5 పూర్తిగా కొట్టాడు. 100 దగ్గర మూడు సెట్లలో 5, 5, 4 రెప్పులే వచ్చాయి. మరుసటి వారం 5, 4, 3. పది శాతం తగ్గించి 90 నుంచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ 100 దగ్గర 5, 4, 4.

మొదటిసారి ఆగినప్పుడే వారానికోసారి పెంచే పద్ధతి అయిపోయిందనుకోకండి. ఆ వారం నిద్ర ఎంత, తిండి ఎంత, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఎన్ని నిమిషాలు ఆగారు, ఇవి చూడండి. సాయంత్రం ర్యాక్ కోసం వెనక నలుగురు నిలబడితే నిమిషంలో మళ్లీ బార్ కిందకి దూరుతారు. బరువైన సెట్టు తర్వాత మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలి. వెనక నిలబడేవాళ్లకి కూడా చెప్తున్నాను, తొందరపెట్టకండి! ఈ తమ్ముడు మొదటిసారి ఆగినప్పుడు నైట్ షిఫ్టులో ఉన్నాడు. రెండోసారి పగటి షిఫ్టు, నిద్ర బాగుంది, తిండి బాగుంది. అన్నీ సరిగ్గా ఉండి, తగ్గించి ఎక్కినా అదే బరువు దగ్గర ఆగాడు. పద్ధతి మార్చాలనడానికి అదీ గుర్తు.

నాకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. నేను 110 దగ్గర ఆగిపోతే అప్పటి మా కోచ్ "నీకు పట్టుదల లేదు, తగ్గించి మళ్లీ కొట్టు" అన్నారు. 100కి దిగి మళ్లీ 110కి రావడానికి అయిదు వారాలు. అలా నాలుగుసార్లు చేశాను. అయిదు నెలలు పోయాయి, మూడో సెట్టులో మాత్రం అవే మూడు రెప్పులు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే అక్కడ తక్కువైంది పట్టుదల కాదు, సమయం. కొత్తలో ఎత్తే బరువు చిన్నది, రెండు రోజుల్లో ఒళ్లు తేరుకుని ఇంకాస్త బలపడుతుంది. బలం పెరిగేకొద్దీ, ఒంటిని ఇంకా ముందుకు నెట్టాలంటే చేయాల్సిన పని పెద్దదవుతుంది, తేరుకోవడానికి వారం కూడా చాలదు. అందుకే వారానికి అడిగిన పెంపుని మూడు వారాలకి అడగాలి.

తమ్ముడికి నిన్న రాసిచ్చింది ఇదీ. సోమవారం ఒక్కటే బరువైన సెట్టు, అయిదు రెప్పులు. ఆ తర్వాత పది శాతం తగ్గించి రెండు సెట్లు. బుధవారం తేలిక, సోమవారం బరువులో ఎనభై శాతంతో రెండు సెట్లు, అలసట రాకూడదు. శుక్రవారం మధ్యస్థం, తొంభై శాతంతో మూడు సెట్లు. సోమవారం సెట్టు మొదటి వారం 92.5, రెండో వారం 97.5, మూడో వారం 102.5. నాలుగో వారం 95కి దిగి, 100, 105. "100 దాటనివాడికి 102.5 ఏంటి మేస్టారూ" అన్నాడు. నోట్‌బుక్ చూడు నాయనా, 100 దగ్గర మొదటి సెట్టు ప్రతిసారీ అయిదూ వచ్చాయి. తప్పింది తర్వాతి సెట్లలో. 102.5 రాకపోతే మాత్రం మళ్లీ 92.5 నుంచే మొదలుపెట్టాలి.

ఒక్క స్క్వాట్‌కే ఈ మార్పు. నిలబడి తలపైకి ఎత్తే ప్రెస్ అతనిది 35 కిలోలు. దానికి రెండున్నర అంటే ఏడు శాతం, 100కి రెండున్నర శాతమే. ప్రెస్ ముందుగా ఆగడానికి చాలాసార్లు కారణం ఆ అంతరమే. ఆటోనగర్‌లో లేత్ మీద అర కిలో ప్లేట్లు కోయించి తెచ్చాను, రెండు వైపులా వేస్తే కిలో. ప్రెస్‌కి పాత పద్ధతే, కిలో చొప్పున.

ఇక్కడ 100 దగ్గర ఆగినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. మీలో కొందరు ఫోన్‌లో ఎవరో పెద్ద లిఫ్టర్ ప్లాన్ దించుకుని వారానికి ఆరు రోజులు మొదలుపెట్టారు, నాకు తెలుసు. ఆపండి. ఒక్కసారిగా అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? రెండు చుట్లు, ఆరు వారాలు, ఇదే చేయండి. సోమవారం వార్మప్‌లో 60 కిలోలే బరువుగా అనిపిస్తే శుక్రవారం ఒక సెట్టు తీసేయండి. అంతా తేలిగ్గా ఉండి కూడా పెరగకపోతే ఒక సెట్టు కలపండి.

ఆ తమ్ముడు మూడో వరుసలో కూర్చున్నాడు. సోమవారం ఆరున్నరకి రా బాబూ, 92.5 వేసి ఉంచుతాను. చేతులెత్తినవాళ్లందరూ నోట్‌బుక్కులు తెచ్చుకోండి.