అధ్యాయంలో కాలం, కథకురాలి గొంతు జారిపోతుంటే సరిచేయడం ఎలా?

మక్తల్ వైపు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "నా జీవితకథలో ఒక అధ్యాయం రాసిన. చదివినోళ్ళు ఒక వాక్యం అప్పటిది, ఒక వాక్యం ఇప్పటిది లెక్క ఉన్నది, చెప్తున్నది ఎవరో సమజైతలేదు అంటున్నరు. క్రియలన్నీ భూతకాలంలకు మారిస్తే సరిపోతదా?"

సరిపోదండీ. అలా మారిస్తే సరిగ్గా ఉన్న వాక్యాలు కొన్ని చెడిపోతాయి, అసలు తప్పులు కొన్ని అలాగే మిగిలిపోతాయి. ఆమె అనుమతితో ఆ అధ్యాయంలోని ఒక పేరాను ఇక్కడ చదువుతాను. సందర్భం 1986 నాటిది. తండ్రి బొంబాయికి వలస కూలీగా బయలుదేరే ముందు రోజు, ఆ మర్నాడు.

"నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. దీపావళి గడిచిన వారానికి గుంపు మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని అడ్వాన్సు డబ్బు లెక్కపెడుతున్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడి ఈ అప్పు ఎప్పటికీ తీరదని మనసులో అనుకుంటోంది. నాయిన రేపు పొద్దున బస్సుకు పోతానని చెప్పాడు. పేదవాడికి ఊరు విడవడం తప్ప దారేముంటుంది? చిన్నపిల్లగా ఉన్నప్పుడు నీకు ఆ సంగతి అర్థం కాదు. రాత్రంతా మేము నిద్రపోలేదు. ఇప్పుడు బస్సు కదులుతుంది. నాయిన కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. నారాయణపేట జిల్లాలో మాలాంటి ఇళ్ళు ఎన్నో ఉండేవి."

దిద్దడం మొదలుపెట్టే ముందు ఒక నిర్ణయం జరగాలి. ఈ పేరాలో "నేను" అన్న మాట వెనుక ఇద్దరు ఉన్నారు. ఒకరు 1986లో అరుగు పక్కన నిలబడి చూస్తున్న ఎనిమిదేళ్ళ పిల్ల, మరొకరు ఇవాళ కూర్చుని రాస్తున్న పెద్దావిడ. జీవితకథలో ఇద్దరూ మాట్లాడవచ్చు, కానీ ఏ వాక్యం ఎవరిదో రాసేవారికి ముందే తెలిసి ఉండాలి. ఆమెను అడిగితే, అధ్యాయం మొత్తాన్ని ఇవాళ్టి తానే చెబుతున్నానని, సంఘటనలను మాత్రం ఆనాటి పిల్ల కళ్ళకు కనిపించినంతవరకే చూపాలని అనుకుంటున్నానని అన్నారు. ఆ మాటను కాగితం పైభాగంలో రాసుకోమన్నాను. ఇక ప్రతి వాక్యాన్నీ దాని ముందు నిలబెట్టి చూడాలి.

తెలుగులో ఈ పరీక్షకు మనకు ఒక సౌకర్యం ఉంది. క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, కాలాన్నీ పురుషనూ చాలావరకు ఆ ఒక్క మాటే మోస్తుంది. కాబట్టి వాక్యాల చివరి మాటలను మాత్రమే వరుసగా బయటికి చదవండి: వచ్చాడు, లెక్కపెడుతున్నాడు, అనుకుంటోంది, చెప్పాడు, దారేముంటుంది, అర్థం కాదు, నిద్రపోలేదు, కదులుతుంది, ఊపుతాడు, ఉండేవి. జారిన చోట చెవికి తట్టుతుంది. అయితే తట్టిన ప్రతి మాటా తప్పని అనుకోకూడదు.

"లెక్కపెడుతున్నాడు" అన్న మాటనే చూడండి. ఇది వర్తమానంలా కనిపిస్తుంది కాబట్టి చాలామంది ముందుగా దీన్నే కొట్టేస్తారు. కానీ "నేను వెళ్ళేసరికి ఆయన భోంచేస్తున్నాడు" అని మనం రోజూ అంటాం, అది జరిగిపోయిన సంగతేనని వినేవారికి తెలుస్తుంది. ఈ రూపం జరుగుతూ ఉన్న పనిని చెబుతుంది, కాలాన్ని పక్క వాక్యం నుంచి తీసుకుంటుంది. ముందు "వచ్చాడు" ఉంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. దీన్ని "లెక్కపెట్టాడు" అని దిద్దితే మేస్త్రీ చకచకా ఎంచి ముగించేసినట్టవుతుంది, పిల్ల చూస్తూ నిలబడిన ఆ కాసేపు పోతుంది. ఇదే రూపంతో కొత్త పేరా మొదలుపెడితే మాత్రం ఆనుకోవడానికి ముందు వాక్యం ఉండదు గనుక పాఠకుడు దాన్ని ఇవాళ్టి సంగతిగా చదువుతాడు. అప్పుడు "ఆ పొద్దున" వంటి మాట ఒకటి ముందు పెట్టవలసి వస్తుంది.

"రేపు పొద్దున బస్సుకు పోతానని చెప్పాడు" అన్నది కూడా ముట్టుకోకూడని వాక్యమే. "అని"కి ముందున్నదంతా తండ్రి నోటి మాట, కనుక "రేపు" ఆయన రేపు, "పోతాను" ఆయన పోవడం. దీన్ని మార్చబోయి "మర్నాడు పొద్దున బస్సుకు పోయేవాడినని చెప్పాడు" అని రాసినవారిని చూశాను. తండ్రి వెనకటి అలవాటును చెబుతున్నట్టయి అర్థమే తిరగబడింది. "అని" దాటి కథకురాలి మాటలోకి వచ్చాక మాత్రం "రేపు" పనికిరాదు, అక్కడ "మర్నాడు" కావాలి.

నిజంగా జారినవి "కదులుతుంది", "ఊపుతాడు". మన భాషలో ఈ రూపం రేపు జరగబోయేదానికీ, రోజూ జరిగేదానికీ ఒకటే. "నాయిన చెయ్యి ఊపుతాడు" అంటే ఇక ఊపబోతున్నాడా, ప్రతి ఏడాదీ ఊపేవాడా, ఆ ఒక్క రోజే ఊపాడా అన్నది తేలదు. పైగా సినిమా కథ వినిపించేవారు ఈ రూపంలోనే చెబుతారు కాబట్టి తండ్రి వెళ్ళిపోయే ఘట్టం కాస్తా ఎవరిదో కథాసారాంశంలా వినిపిస్తుంది. సాధారణంగా ఇలాంటి జారుడు ఆ అధ్యాయంలో రాసేవారికి అన్నిటికంటే బాధ కలిగించిన చోటే జరుగుతుంది. జ్ఞాపకం కళ్ళముందుకు రాగానే చెయ్యి తనంతట తాను వర్తమానంలోకి వెళుతుంది. దానికి రెండు దారులున్నాయి. "బస్సు కదిలింది, నాయిన చెయ్యి ఊపాడు" అని మిగతా పేరాతో కలిపేయడం ఒకటి. ఆ ఘట్టాన్ని కావాలనే వర్తమానంలో నడపాలనుకుంటే దాన్ని వేరే పేరాగా విడదీసి, "కదులుతోంది", "ఊపుతున్నాడు" అన్న రూపాల్లో మొదటి నుంచి చివరిదాకా ఉంచడం రెండోది. రెండు వాక్యాల కోసం వర్తమానంలోకి వెళ్ళి రావడం నాకు నచ్చదు, కనీసం అరపేజీ ఘట్టమైనా ఉంటేనే ఆ మార్పు నిలుస్తుంది. ఆమె మొదటి దారినే ఎంచుకున్నారు.

ఇక క్రియలు దిద్దినా పోని తప్పు ఒకటుంది. "అమ్మ... మనసులో అనుకుంటోంది" అన్న వాక్యాన్ని "అనుకుంది" అని మార్చినా అది తప్పుగానే ఉంటుంది, ఎందుకంటే ఎనిమిదేళ్ళ పిల్లకు తల్లి మనసులోని మాట తెలిసే వీలు లేదు. దృష్టికోణం జారిందంటే ఇదే: ఒక్క వాక్యం సేపు కథ పిల్లను వదిలి తల్లిలోకి వెళ్ళి వచ్చింది. అమ్మ అలా అనుకున్నట్టు మీకెలా తెలుసని ఆమెను అడిగాను. తన పెళ్ళయ్యాక అమ్మే ఒకసారి చెప్పిందన్నారు. ఆ రోజు మీ కళ్ళకు కనిపించిందేమిటని మళ్ళీ అడిగితే, అమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉందని, మేస్త్రీ నోట్లు అందించబోయేసరికి లోపలికి వెళ్ళిపోయిందని చెప్పారు. అంటే రెండు వేర్వేరు కాలాల్లో తెలిసిన రెండు సంగతులు ఒకే వాక్యంలో ఇరుక్కుపోయాయి. కొంగు సంగతి ఆ పిల్లది, అప్పు సంగతి ఇవాళ్టి ఆవిడది.

రెండోదాన్ని చెప్పడానికి తెలుగులో "అట" ఉండనే ఉంది. "ఆ అప్పు ఇక తీరదని అమ్మకు ఆ రోజే అనిపించిందట, నా పెళ్ళయ్యాక చెప్పింది" అంటే, తాను చూడని సంగతిని ఎవరి ద్వారా, ఎప్పుడు విన్నదో పాఠకుడికి తెలుస్తుంది. "అట"ను ఇలా ఆధారంతో ఒకసారి వాడితే నమ్మకం పెరుగుతుంది, వరుసగా నాలుగు వాక్యాలకు తగిలిస్తే పేదరాశి పెద్దమ్మ కథలా తయారవుతుంది. అమ్మ ఎన్నడూ చెప్పి ఉండకపోతే ఆ వాక్యాన్ని తీసేయడమే న్యాయం, లేదా "అనుకుని ఉంటుంది" అని ఊహను ఊహగానే రాయాలి.

"నీకు అర్థం కాదు" అన్నచోట "నేను" హఠాత్తుగా "నువ్వు" అయింది. మాటల్లో మనం ఇలా అంటూనే ఉంటాం, కానీ కాగితం మీద ఆ "నువ్వు" ఎవరో తెలియక పాఠకుడు ఆగుతాడు. "నాకు అప్పుడు అర్థం కాలేదు" అంటే చాలు. దాని ముందున్న "దారేముంటుంది" అన్న ప్రశ్న పూర్తిగా ఇవాళ్టి ఆవిడ వ్యాఖ్య, దాన్ని ఉంచాలనుకుంటే సంఘటన ముగిశాక పెట్టాలి. ఆమె దాన్ని తీసేశారు, నా దృష్టిలో పేరా బాగుపడింది. "మేము నిద్రపోలేదు" అన్నచోట మేము అంటే ఎవరని అడిగితే అమ్మా తానూ అన్నారు, నాయిన హాయిగానే నిద్రపోయాడట.

కాలం నామవాచకాల్లో కూడా జారుతుంది. నారాయణపేట జిల్లా ఏర్పడింది 2019లో. 1986లో ఆ ఊళ్ళన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ముంబై అన్న పేరు అధికారికంగా 1995లో వచ్చింది, కనుక నాయిన నోట బొంబాయే ఉండాలి. అదే అధ్యాయంలో మరోచోట ఆమె ముంబై అని రాశారు, దాన్నీ మార్చుకున్నారు. దిద్దాక పేరా ఇలా తయారైంది.

"నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. దీపావళి గడిచిన వారానికి గుంపు మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని అడ్వాన్సు డబ్బు లెక్కపెడుతున్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడి కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. మేస్త్రీ నోట్లు అందించబోయేసరికి లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాయిన రేపు పొద్దున బస్సుకు పోతానని చెప్పాడు. ఆ రాత్రంతా అమ్మా నేనూ నిద్రపోలేదు. తెల్లవారాక బస్సు కదిలింది. నాయిన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ అప్పు ఇక తీరదని అమ్మకు ఆ రోజే అనిపించిందట, నా పెళ్ళయ్యాక చెప్పింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో మాలాంటి ఇళ్ళు ఎన్నో ఉండేవి. ఆ ఊళ్ళు ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి."

చివరి వాక్యంలోని "ఉన్నాయి" వర్తమానమే అయినా తప్పు కాదు, ఇవాళ్టికీ నిజమైన సంగతి వర్తమానంలోనే ఉండాలి.

పాలమూరు, నల్లగొండ వైపు రాసేవారు ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఈమె అధ్యాయంలో కథనం "వచ్చాడు, పోయాడు" అని నడుస్తూ, మూడు నాలుగు చోట్ల "పోయిండు, చెప్పిండు" అని మారింది. రెండూ సరైన రూపాలే, అధ్యాయం మొత్తం "పోయిండు" అని రాసినా నాకు సమ్మతమే. కానీ కథనం ఒక యాసలో, సంభాషణ మరో యాసలో ఉన్నప్పుడు "పోయిండు" కనబడగానే పాఠకుడు ఎవరో మాట్లాడుతున్నారని అనుకుంటాడు, ఎవరా అని పైకి వెతుక్కుంటాడు. అందుకే సంభాషణలన్నీ పక్కన పెట్టి, కథనం వాక్యాల చివరి మాటలను మాత్రమే మరోసారి బయటికి చదవమని ఆమెకు చెప్పాను. ఈసారి కాలాన్ని వదిలేసి "ఆడు", "ఇండు" అన్న తోకలను మాత్రమే వినాలి.